నీలం నాచురంగైన వేళ: జుట్టు రంగు వెలిసిపోకుండా కాపాడుకోవడం

రక్తపోటు గురించో మధుమేహం గురించో రాసే ఈ వైద్యుడు ఈసారి జుట్టు రంగుల గురించి రాస్తున్నాడేమిటని మీలో కొందరికి ఆశ్చర్యం కలగవచ్చు. తెల్ల వెంట్రుకలకు వేసుకునే నలుపు గురించి కాదు నేను చెప్పబోయేది. నాగోల్ మెట్రో స్టేషన్ మెట్ల మీద పది నిమిషాలు నిలబడితే కనిపించే నీలం, గులాబీ, ఊదా రంగుల జుట్టు గురించి. ఆ రంగు ఎందుకు వెలిసిపోతుందో, వెలిసిపోయినప్పుడు ఏం చేయకూడదో తెలియక నెత్తిమీద చర్మాన్ని పాడుచేసుకోబోయిన ఒక అమ్మాయి మా ఇంట్లోనే ఉంది. అందుకే ఈ వ్యాసం.

ఒక ఆదివారం ఉదయం మా మనవరాలు వచ్చి నా ఎదుట కూర్చుని, తలకు చుట్టుకున్న చున్నీ విప్పింది. మూడు వారాల క్రితం చూసినప్పుడు జుట్టు కింది సగమంతా నెమలికంఠం నీలం. చెవుల పక్కన రెండు గులాబీ పాయలు. మెడ మీద, లోపలి వరుసలో ఊదా. ఇప్పుడు ఆ నీలం చెరువు గట్టున పట్టిన నాచులా ఉంది. గులాబీ పాయలు ఎండిన కమలాతొక్క రంగుకు తిరిగాయి. ఊదా ఉన్నచోట బూడిద మిగిలింది.

"తాతయ్యా, సాయంత్రం సెలూన్‌కి వెళ్తున్నాను. మళ్లీ బ్లీచ్ చేసి కొత్తగా రంగు వేస్తామన్నారు. ఇక్కడ చెవి వెనక కొంచెం మంటగా ఉంది. ఏదైనా పూత ఉంటే చెప్పండి" అంది.

చెవి వెనక చూశాను. గులాబీ పాయ మొదలైన చోట రూపాయి బిళ్లంత మేర చర్మం ఎర్రగా కంది, మధ్యలో పలుచటి పొక్కు కట్టి ఉంది. మొదటిసారి బ్లీచ్ చేసినప్పుడు ఆ పాయలకు మాత్రం మందు కుదుళ్ల దాకా పెట్టారట. మిగిలిన జుట్టుకు సగం నుంచి కిందికే పెట్టారు కాబట్టి అక్కడ చర్మానికి ఏమీ కాలేదు. ఒక వెంట్రుక తెంపి నీళ్లలో తడిపి, రెండు కొసలు పట్టుకుని మెల్లగా లాగాను. ఆరోగ్యమైన వెంట్రుక తడిగా ఉన్నప్పుడు కొంచెం సాగి, వదలగానే మళ్లీ తన పొడవుకు వస్తుంది. ఇది రబ్బరులా సాగింది, వెనక్కి రాలేదు, ఇంకొంచెం లాగితే పుటుక్కున తెగింది. లోపలి మాంసకృత్తుల అల్లిక దెబ్బతిన్నదనడానికి ఇంట్లోనే చూసుకోగలిగిన గుర్తు ఇది.

"సాయంత్రం వెళ్లడం లేదని ఇప్పుడే ఫోన్ చేసి చెప్పు" అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. రంగులు వద్దంటున్నానని అనుకుంది. నేను వద్దన్నది రెండో బ్లీచ్‌ను. మీకు చెప్పదలచినదీ అదే. రంగు వెలిసిపోవడం వల్ల ఆరోగ్యానికి ఏ నష్టమూ లేదు. వెలిసిన ప్రతిసారీ మళ్లీ బ్లీచ్ చేయించుకోవడం వల్లనే నష్టం. కాబట్టి ఉన్న రంగును ఎక్కువ రోజులు నిలుపుకోవడం సోకు కోసం మాత్రమే కాదు, అది చర్మ రక్షణ కూడా.

ఈ రంగు ఎక్కడ కూర్చుంటుంది?

వెంట్రుక పైన, చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పరచుకున్న పలుచని పొర ఉంటుంది. దాని కింద అసలు దేహం, అందులో మన నల్లని వర్ణకణాలు ఉంటాయి. తెల్ల జుట్టుకు వేసే నలుపు రంగు చిన్న అణువులుగా లోపలికి దూరి, పెరాక్సైడ్ సహాయంతో అక్కడే ఒకదానితో ఒకటి కలిసి పెద్దవై చిక్కుకుపోతుంది. అందుకే అది నెలల తరబడి నిలుస్తుంది.

నీలం, గులాబీ, ఊదా వంటి ఫ్యాషన్ రంగుల తీరు వేరు. అవి ముందే తయారై డబ్బాలో ఉన్న రంగు అణువులు. వాటిలో చాలావాటికి ధన విద్యుదావేశం ఉంటుంది, దెబ్బతిన్న వెంట్రుకకు ఋణావేశం ఉంటుంది. ఆ ఆకర్షణతో పై పొరకూ, దాని కింద కొద్ది లోతుకూ అంటుకుని ఉంటాయి తప్ప లోపల ముడిపడవు. అంటుకున్నది అంటుకున్నట్లే వదులుతుంది కూడా.

నా తరం వైద్యులకు ఇది కొత్త విషయం కాదు. పూర్వం నోటిపూతకూ పుండ్లకూ జెన్షన్ వయొలెట్ రాసేవాళ్లం. సాయంత్రానికి వేళ్లన్నీ ఊదాగా మారేవి. ఒకసారి కడిగితే పోదు, నాలుగు రోజులు కడిగితే ఉండదు. అదీ ధనావేశం గల రంగే. కృత్రిమ ఊదా రంగు పుట్టుకలోనూ వైద్యానికి భాగం ఉంది. 1856లో లండన్‌లో పద్దెనిమిదేళ్ల విలియం పెర్కిన్ మలేరియాకు వాడే క్వినైన్‌ను కృత్రిమంగా తయారుచేయబోయి విఫలమయ్యాడు. ఆ క్రమంలో పాత్రలో మిగిలిన నల్లని మడ్డి నుంచి ఊదా రంగు బయటపడింది. అతడికి క్వినైన్ దక్కలేదు కాని, ప్రపంచానికి రంగుల పరిశ్రమ దక్కింది.

మన నల్లజుట్టు మీద ఈ రంగులు నేరుగా వేస్తే కనిపించవు. నల్లపలక మీద నీలి సిరాతో రాసినట్లే. అందుకే ముందు బ్లీచ్ చేస్తారు. పర్‌సల్ఫేట్ పొడిని హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిపిన ఆ ముద్ద బాగా క్షారగుణం గలది. అది పై పొర పొలుసులను లేపి, లోపలి నల్లని వర్ణాన్ని కరిగిస్తుంది. కరుగుతున్నప్పుడు నల్లజుట్టు ముందు ఎర్రగోధుమకు, తరువాత నారింజకు, ఆ తరువాత పసుపుకు, చివరికి అరటిపండు తొక్క లోపలి భాగమంత లేత పసుపుకు దిగుతుంది. ఈ మెట్లలో ఎక్కడ ఆగారన్నదే పై రంగు భవిష్యత్తును నిర్ణయిస్తుంది.

ఇప్పుడు మా మనవరాలి తల మీద ఏం జరిగిందో తేలికగా అర్థమవుతుంది. ఆమె జుట్టును పసుపు మెట్టు దగ్గర ఆపారు. దాని మీద నీలం వేశారు. కొత్తలో నీలం చిక్కగా ఉంది కాబట్టి కింది పసుపు కనిపించలేదు. నీలం పలచబడేకొద్దీ పసుపు పైకి వచ్చింది. పసుపూ నీలమూ కలిస్తే ఆకుపచ్చ అని చిన్నపిల్లలకూ తెలుసు. గులాబీ పలచబడి, కింది పసుపుతో కలిసి కమలారంగైంది. ఊదా, పసుపు ఒకదాన్నొకటి చంపుకునే రంగులు కాబట్టి అక్కడ బూడిద మిగిలింది. అంటే రంగు చెడిపోలేదు, కొంత కారిపోయింది, అంతే. కారిపోయిన దాన్ని మళ్లీ నింపడానికి బ్లీచ్ అవసరం లేదు. కింద జుట్టు ఇప్పటికే లేతగానే ఉంది కదా.

మూడు వారాల్లో ఇరవై సార్లు

రోగి చెప్పేది పూర్తిగా వినమని మా గురువులు నేర్పారు. ఆ అలవాటుతో ఆమె దినచర్య మొత్తం అడిగాను. నాగోల్ నుంచి ఉప్పల్ మీదుగా కాలేజీకి స్కూటీ మీద వెళ్తుంది. దుమ్ము పడుతుందని రోజూ సాయంత్రం తలస్నానం. గీజర్ నీళ్లు, బాగా నురగ వచ్చే షాంపూ. శనివారం రాత్రి వాళ్ల అమ్మమ్మ, అంటే మా ఆవిడ, జుట్టు పాడైపోతోందని బాధపడి తల నిండా కొబ్బరినూనె పట్టించడం. ఆదివారం ఆ జిడ్డు పోవడానికి కుంకుడుకాయల రసంతో తలంటు.

మూడు వారాల్లో జుట్టు ఇరవై సార్లకు పైగా తడిసింది. చాలామంది షాంపూ ఒక్కటే దొంగ అనుకుంటారు. నిజానికి వట్టి నీళ్లు కూడా దొంగే. బ్లీచ్ చేసిన వెంట్రుక తడిసినప్పుడు ఉబ్బుతుంది, పొలుసులు విచ్చుకుంటాయి, వదులుగా ఉన్న రంగు నీటిలోకి దిగుతుంది. నీళ్లు వేడిగా ఉన్నకొద్దీ ఇదంతా త్వరగా జరుగుతుంది. షాంపూలోని నురగ పదార్థం ఆ దిగుడును ఇంకా పెంచుతుంది. సీసా వెనక సోడియం లారిల్ సల్ఫేట్ అనో సోడియం లారెత్ సల్ఫేట్ అనో మొదట్లోనే ఉంటే అది ఋణావేశం గల గట్టి శుభ్రకం. ధనావేశం గల రంగును పట్టుకుని తనతోపాటు తీసుకుపోతుంది. సల్ఫేట్ లేనివి మేలే. అయితే సల్ఫేట్ లేని షాంపూ కొన్నాం కదా అని రోజూ తలస్నానం చేస్తే పెద్ద ప్రయోజనం ఉండదు. సీసా మార్చడం కంటే స్నానాల లెక్క తగ్గించడం ముఖ్యం.

కుంకుడుకాయల మాట చెబితే మా ఆవిడకు కోపం వచ్చింది. "తరతరాలుగా వాడుతున్నాం, అది సహజమైనది కదండీ" అంది. సహజమైనదే. నూనెను వదిలించే శక్తిలో మాత్రం షాంపూకు తీసిపోదు. అందుకే మన పెద్దలు నూనె తలంటుకు దాన్ని ఎంచుకున్నారు. నల్లజుట్టుకు మంచిదైనంత మాత్రాన అద్దిన రంగుకు మంచిది కాదు. శీకాయ పొడి పైగా తన గోధుమరంగు మరకను లేత గులాబీ మీద వదలగలదు.

నూనె విషయం కొంచెం వివరంగా చెప్పాలి. తలస్నానానికి ముందు రాసిన కొబ్బరినూనె వెంట్రుకలోకి ఇంకి, మాంసకృత్తులు కొట్టుకుపోకుండా కాపాడుతుంది. ఇది మన దేశంలోని పరిశోధకులే ప్రయోగాలతో చూపిన విషయం. బ్లీచ్ చేసిన జుట్టుకు ఈ రక్షణ అవసరం కూడా. కాని రాత్రంతా నూనె కారేలా ఉంచితే కొన్ని రంగులు అందులోకి దిగుతాయి. దిండు గలీబు మీద మరక చూస్తే మీకే తెలుస్తుంది. తరువాత ఆ జిడ్డు వదలడానికి రెండుసార్లు రుద్దాలి. నష్టం అక్కడే ఎక్కువ. మేము కుదుర్చుకున్న మధ్యేమార్గం ఇది: తలస్నానానికి అరగంట ముందు నాలుగైదు చుక్కల నూనె అరచేతుల్లో రుద్దుకుని, రంగు వేసిన భాగం మీద పలుచగా తుడవడం. ఒక్కసారి షాంపూతో వదిలేంత మాత్రమే.

మన నీళ్ల సంగతి

ఈ విషయం నాగోల్, దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ వాసులు ప్రత్యేకంగా గమనించాలి. మన అపార్టుమెంట్లలో స్నానాల గదికి వచ్చేది చాలాచోట్ల బోరునీరు, లేదా సంపులో బోరు, ట్యాంకరు, కుళాయి నీళ్లు కలిసిన మిశ్రమం. కుళాయి మూతి చుట్టూ తెల్లని పెంకు కడుతోందా? స్టీలు బకెట్టు ఆరాక తెల్లని చారలు మిగులుతున్నాయా? సబ్బు ఎంత రుద్దినా నురగ రావడం లేదా? అయితే మీ నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. బ్లీచ్ చేసిన వెంట్రుక ఈ లవణాలను స్పంజిలా పీల్చుకుంటుంది. జుట్టు గరుకెక్కి చిక్కుపడుతుంది. రంగు నిజంగా పోకముందే మసకగా, దుమ్ముపట్టినట్లు కనిపిస్తుంది. దాన్ని వదిలించాలని మరింత షాంపూ వాడితే అసలు రంగు కూడా పోతుంది.

జలమండలి వారు ఇచ్చే కృష్ణా నీరు చాలావరకు బోరునీటికంటే మెత్తన. కొన్ని ఇళ్లలో వంటగదికి ఆ నీటికి విడిగా కుళాయి ఉంటుంది. తలస్నానం మొత్తం ఆ నీటితో చేయలేకపోయినా, చివర జుట్టు జాడించడానికి రెండు చెంబులు పట్టుకుంటే చాలు. అదీ లేనివారు ఆర్‌ఓ యంత్రం నుంచి వచ్చే తాగునీరు రెండు చెంబులు వాడుకోవచ్చు. ఇక్కడ ఒక పొరపాటు చేయకండి. ఆర్‌ఓ గొట్టంలోంచి వృథాగా పోయే నీరు ఉంది కదా అని కొందరు దాన్ని తలస్నానానికి పడతారు. వడగట్టిన లవణాలన్నీ చిక్కగా చేరేది ఆ నీటిలోనే. ఇల్లు తుడవడానికి పనికివస్తుంది, జుట్టుకు మాత్రం అది బోరునీటికంటే హీనం.

మేము పాటించిన పద్ధతి

మొదట చెవి వెనక పుండు మానే దాకా తలకు ఏ రంగూ తాకనివ్వలేదు. దానికి రెండు వారాలు పట్టింది. పుండు మీద, పగిలిన చర్మం మీద ఏ రంగూ వేయకూడదు. ఈలోగా రబ్బరులా సాగుతున్న కొసలను రెండంగుళాలు కత్తిరించుకోమన్నాను. చనిపోయిన వెంట్రుకను బతికించే మందు లేదు. సీసా మీద ఏమి రాసినా సరే.

తరువాత బ్లీచ్ లేకుండానే రంగు నింపాము. అమోనియా, పెరాక్సైడ్ లేని నేరు రంగులనే ఎంచుకున్నాం. ముందుగా ప్రతి రంగునూ మోచేతి మడతలో చిన్న చుక్క పెట్టి 48 గంటలు చూశాము. దురద, ఎరుపు, వాపు ఏమీ రాలేదు. నాచురంగు తిరిగిన భాగానికి వట్టి నీలం వేస్తే ఆకుపచ్చ పూర్తిగా దాగదు. అందుకని నాలుగు పాళ్ల ముదురు నీలంలో ఒక పాలు ఊదా కలిపించాను. ఊదా కింది పసుపును అణచివేస్తుంది, పైన నీలం నిలుస్తుంది. గులాబీ మీద గులాబీ, బూడిద మీద ఊదా నేరుగానే కూర్చున్నాయి. కావలసిన దానికంటే ఒక మెట్టు ముదురుగా వేయమన్నాను. లేత రంగు రెండు వారాల్లో కనుమరుగైతే, ముదురు రంగు పలచబడి లేతరంగై ఇంకొన్నాళ్లు అందంగానే ఉంటుంది.

రంగు వేసిన రోజు నీళ్లు తేటగా వచ్చే దాకా చల్లని నీటితో జాడించాము. ఆపైన మూడు రోజులు తల తడపలేదు. తరువాత వారానికి రెండే తలస్నానాలు, బుధవారం ఒకటి, ఆదివారం ఒకటి. స్నానాల గదిలో గీజర్ నీళ్లు ఒంటికి మాత్రమే. తలకు చేయి పెడితే చల్లగా తోచే నీళ్లు, చలికాలంలో అయితే గోరువెచ్చన. షాంపూను చేతిలో నీళ్లతో కలిపి, కుదుళ్లకే రాసి వేళ్ల కొసలతో రుద్దడం. చెమటా జిడ్డూ ఉండేది నెత్తి మీదనే కాని కొసల్లో కాదు. రంగున్న భాగం మీదుగా ఆ నురగ జారిపోతే చాలు, దాన్ని పిండి రుద్దనక్కరలేదు. తరువాత కండిషనర్ కొసలకు రాసి మూడు నిమిషాలు ఉంచడం. అది ఆమ్లగుణంతో పొలుసులను అణచి ఉంచుతుంది. చివర మెత్తని నీళ్లు రెండు చెంబులు. మిగిలిన రోజుల్లో స్నానానికి తలకు ప్లాస్టిక్ టోపీ.

రెండు తలస్నానాలలో ఒకటి రంగు నింపే స్నానం. తెల్లని మామూలు కండిషనర్ ఐదు చెంచాలకు అదే రంగు ఒక చెంచా కలిపి, షాంపూ అయ్యాక నీరు పిండేసిన జుట్టుకు పట్టించి, పది నిమిషాలు ఉంచి జాడించడం. చేతులకు తొడుగులు వేసుకోవాలి. మూడు రంగులు ఉన్నాయి కాబట్టి మూడు గిన్నెల్లో కలిపి, గులాబీ పాయలను విడిగా అల్యూమినియం రేకులో చుట్టి ఉంచేది. లేకపోతే నీలం అంటి గులాబీ ఊదాగా మారుతుంది. వారంలో కారిపోయినంత వారంలో తిరిగి చేరుతుంది. బ్లీచ్‌ను దూరంగా ఉంచింది ముఖ్యంగా ఈ పది నిమిషాలే.

ఎండ సంగతి ఆమెకు నేను చెప్పనక్కరలేకపోయింది. మన హైదరాబాదు ఆడపిల్లలు స్కూటీ ఎక్కేముందు ముఖానికీ తలకూ చున్నీ చుట్టుకుంటారు కదా. ఆ అలవాటు రంగుకు గొప్ప రక్షణ. అతినీలలోహిత కిరణాలు రంగు అణువులను విరగ్గొడతాయి. బాల్కనీలో ఆరేసిన పరదా ఎండవైపు వెలిసినట్లే జుట్టూ వెలుస్తుంది. ఇంతకుముందు చున్నీ కింద నుంచి జడ బయటికి వేలాడేది. ఇప్పుడు దాన్ని ముడి వేసి లోపలికి దోపుతోంది, పైన హెల్మెట్. దుమ్ము పడకపోవడంతో రోజూ తలస్నానం చేయాలన్న తొందర కూడా తగ్గింది. తడి జుట్టుతో మాత్రం చున్నీ చుట్టవద్దు. చున్నీకి రంగు అంటుతుంది. వానాకాలంలో తల తడిస్తే తెల్ల చొక్కా కాలరు మీద నీలిధారలు దిగుతాయి. అది చూసి భయపడనక్కరలేదు.

జుట్టును సాపు చేసే ఇస్త్రీ యంత్రం వేడికి కొన్ని రంగులు అక్కడికక్కడే మారిపోతాయి. పండుగకో పెళ్లికో తప్పనిసరైతే పూర్తిగా ఆరిన జుట్టు మీద, తక్కువ వేడిలో, ఒక్కసారి మాత్రమే. ఈతకు వెళ్లేవారు కొలనులో దిగేముందు జుట్టును మంచినీళ్లతో తడిపి, కండిషనర్ రాసి, టోపీ పెట్టుకోవాలి. అప్పటికే తడిసిన వెంట్రుక క్లోరిన్ నీటిని తక్కువగా పీలుస్తుంది.

చుండ్రు ఉన్నవారికి ఒక మాట. చుండ్రు షాంపూలు రంగును త్వరగా దించుతాయి. అలాగని చుండ్రును వదిలేయకండి. మందు షాంపూను నెత్తి చర్మానికి మాత్రమే రాసి, చెప్పినన్ని నిమిషాలు ఉంచి, ముందుకు వంగి కడుక్కుంటే కొసల మీద ఎక్కువగా పడదు. వంటసోడా, నిమ్మరసం రాస్తే రంగు బిగుస్తుందని ప్రచారంలో ఉన్న చిట్కాలు తలకిందులు. వంటసోడా క్షారం, అది పొలుసులను విప్పుతుంది. నిమ్మరసం పూసుకుని ఎండలో తిరిగితే జుట్టు ఇంకా వెలుస్తుంది, చర్మం మీద పడితే పొక్కులు కూడా రావచ్చు.

ఎంతవరకు సాధ్యం?

ఇంత చేసినా రంగు శాశ్వతంగా ఉండదు. ఆరు వారాలు గడిచాక మా మనవరాలి నీలం పలచబడింది, కాని నీలంగానే ఉంది. ఊదా లేత వంకాయపువ్వు రంగుకు దిగింది. గులాబీ అన్నిటికంటే ముందు తగ్గింది. వారం వారం నింపకపోతే అది నాలుగో వారానికే కమలారంగు అయ్యేది. కుదుళ్ల దగ్గర నెలకు ఒక సెంటీమీటరు చొప్పున నల్లజుట్టు పెరుగుతోంది. "ఆ నలుపు వరకు మాత్రం బ్లీచ్ చేయించుకోనా తాతయ్యా?" అని ఒకసారి అడిగింది. రంగు సగం నుంచి కిందికి ఉన్నచోట ఆ నలుపు అందంగానే ఉంటుంది, దాన్ని అలాగే వదిలేయమన్నాను. గులాబీ పాయలను కూడా ఇకపై చెవి కింద నుంచే మొదలుపెట్టుకోమన్నాను. బ్లీచ్ చర్మాన్ని తాకనప్పుడు కాలే ప్రశ్నే లేదు.

ఇప్పటికీ బ్లీచ్ చేయించుకోదలచినవారు కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. ఉబ్బసం ఉన్నవారికి పర్‌సల్ఫేట్ పొడి పీల్చడం వల్ల ఆయాసం రావచ్చు. సెలూన్లలో ఏళ్ల తరబడి ఆ పొడి కలిపే పనివారికే ఉబ్బసం వచ్చిన సందర్భాలు వైద్యశాస్త్రంలో నమోదై ఉన్నాయి. ఇంతకుముందు గోరింటాకు, ముఖ్యంగా దుకాణాల్లో దొరికే నల్ల మెహందీ పెట్టుకుని ఉంటే ఆ సంగతి తప్పక చెప్పండి, ఒక చిన్న పాయ మీద ముందుగా పరీక్షించమనండి. బ్లీచ్ పెట్టాక కొద్దిగా చిమచిమలాడవచ్చు. అది మంటగా మారితే "ఇంకో ఐదు నిమిషాలు ఓర్చుకోండి" అనే మాట వినకండి. వెంటనే చల్లని నీళ్లతో కడిగించుకోండి. తరువాత పొక్కులు, రసి కారడం కనిపిస్తే చర్మవైద్యులను కలవండి. ముఖం, కనురెప్పలు వాచినా, ఊపిరి అందకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. కనుబొమలకూ కనురెప్పలకూ ఈ రంగులు ఎప్పుడూ వాడవద్దు.

మొన్న ఆదివారం మా ఆవిడ మనవరాలిని కూర్చోబెట్టుకుని, నేను చెప్పినట్లే అరచేతిలో నాలుగు చుక్కల నూనె మాత్రం వేసుకుంది. అంత తక్కువ నూనెతో తలంటడం ఆమెకు మనస్కరించలేదు. సణుగుతూనే నీలి కొసలకు రాసింది. చెవి వెనక పుండు పడ్డచోట చర్మం మామూలు రంగుకు వచ్చింది. అక్కడ గులాబీకి బదులు నల్లజుట్టు వేలెడంత పెరిగింది.